విశాఖ నుంచి రాటర్‌డామ్‌కి రొయ్యల రీఫర్: ఫార్వర్డర్‌కి పంపే షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఒకసారి చూసి చెప్పండి

లక్ష్మి_భీమవరం | 13వ తేదీ, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా ప్లాంటులో ఇంతవరకు ఈ పని చూసినాయన సెలవులో ఉన్నారు. ఈసారి ఫార్వర్డర్‌కి ఇన్‌స్ట్రక్షన్ నేనే పంపాలి. రాసుకున్నది కింద పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

సరుకు ఫ్రోజెన్ వనామీ రొయ్య. 1,900 కార్టన్లు, ఒక్కో కార్టన్‌లో కిలో ప్యాకెట్లు పది, గ్లేజ్ 20 శాతం. ఒక 40 అడుగుల హైక్యూబ్ రీఫర్. గ్రాస్ 20,710 కిలోలు. విశాఖ నుంచి 24న ఓడ, కొలంబోలో మారి రాటర్‌డామ్.

సరుకు సిద్ధమయ్యే తేదీ: 22.
కన్సైనీ: కొనుగోలుదారు కంపెనీ, రాటర్‌డామ్ చిరునామా.
నోటిఫై పార్టీ: సేమ్ యాజ్ కన్సైనీ.
ప్రత్యేక జాగ్రత్తలు: మైనస్ 18 లేదా అంతకంటే తక్కువ. పాడయ్యే సరుకు, జాగ్రత్తగా చూడగలరు.

పేమెంట్ ఎల్‌సీ మీద. షిప్‌మెంట్‌కి ఆఖరు తేదీ 25. ఇది ఇలాగే పంపొచ్చా?

---

శ్రీను_కాకినాడ | 13వ తేదీ, ఉదయం 10:40

లక్ష్మి గారూ, దాదాపు సరిపోయింది. ఓడ 24న కదా, 22న సరుకు రెడీ అంటే రెండు రోజులు చేతిలో ఉన్నట్టే. నోటిఫై సేమ్ యాజ్ కన్సైనీ అని అందరూ రాసేదే. ఒకటి కలపండి: కంటైనర్‌ని ముందే మైనస్ 18కి చల్లబరిచి పంపమని రాయండి. వీజీఎంలో కూడా అదే 20,710 ఇచ్చేయండి, రెండు చోట్లా రెండు అంకెలుంటే అడుగుతారు.

---

శేషు_విశాఖ | 13వ తేదీ, ఉదయం 11:25

లక్ష్మి గారూ, ఇంకా పంపకండి. ముందు రెండు విషయాలు చెప్పండి. బుకింగ్ కన్ఫర్మేషన్‌లో కటాఫ్‌లు ఏమున్నాయి? ఎల్‌సీలో కావాల్సిన కాగితాలు చెప్పే 46Aలో బీఎల్ గురించి ఏం రాశారు, మాట మార్చకుండా చెప్పండి. ఈ రెండూ లేకుండా తేదీ గురించిగానీ కన్సైనీ గురించిగానీ ఎవరేం చెప్పినా ఊహే అవుతుంది.

శ్రీను గారూ, వీజీఎం దగ్గర మీరు చెప్పింది కుదరదు. బీఎల్ మీద వచ్చే గ్రాస్‌లో సరుకు, దాని ప్యాకింగ్ మాత్రమే ఉంటాయి. వీజీఎంలో ఖాళీ కంటైనర్ బరువు కూడా కలవాలి. 40 అడుగుల రీఫర్ ఖాళీ బరువు సుమారు నాలుగున్నర టన్నులుంటుంది, కచ్చితమైన అంకె కంటైనర్ తలుపు మీదే రాసి ఉంటుంది. అక్కడ 4,640 ఉందనుకుంటే వీజీఎం 25,350 అవుతుంది. రెండు అంకెలూ ఒకటే ఇస్తే, కంటైనర్ బరువు కలపడం మర్చిపోయారని చూడగానే తెలిసిపోతుంది.

---

లక్ష్మి_భీమవరం | 13వ తేదీ, మధ్యాహ్నం 12:05

శేషు గారూ, బుకింగ్‌లో ఇలా ఉంది. టెర్మినల్ గేటు 18న తెరుస్తారు, గేట్ కటాఫ్ 22 సాయంత్రం 6. ఎస్ఐ, అంటే బీఎల్ కోసం ఇచ్చే షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్, కటాఫ్ 20 మధ్యాహ్నం 12. వీజీఎం 21 సాయంత్రం 6.

46Aలో ఉన్నది ఇది: పూర్తి సెట్ ఒరిజినల్ బీఎల్‌లు, కన్సైనీ "టు ఆర్డర్ ఆఫ్" అని ఎల్‌సీ తెరిచిన బ్యాంకు పేరు, నోటిఫై అప్లికెంట్ పేరు, పూర్తి చిరునామాతో. ఫ్రైట్ ప్రీపెయిడ్. ఇన్‌స్ట్రక్షన్‌లో కొనుగోలుదారు పేరు నేను పాత ఫైలు చూసి పెట్టాను. ఆ ఫైలు ఎల్‌సీ లేని ఆర్డరుదట.

---

శేషు_విశాఖ | 13వ తేదీ, మధ్యాహ్నం 1:10

సరే, ముందు తేదీ చూద్దాం.

ఫార్వర్డర్ అడిగే సిద్ధమయ్యే తేదీ ఓడ తేదీని బట్టి రాసేది కాదు. ఖాళీ కంటైనర్ మీ డాక్ దగ్గరికి వచ్చి నిలబడితే ఆఖరి కార్టన్‌తో సహా వెంటనే లోడింగ్ మొదలుపెట్టగలిగే రోజది. దాన్ని గేట్ కటాఫ్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ పట్టుకోవాలి.

భీమవరం నుంచి విశాఖ సుమారు 280 కిలోమీటర్లు. జెన్‌సెట్ ఉన్న ట్రైలర్‌కి దారిలో ఆగే సమయంతో కలిపి ఎనిమిది నుంచి పది గంటలు వేసుకోండి. గేటు 22 సాయంత్రం 6కి మూస్తారు. కటాఫ్ రోజున గేటు దగ్గర క్యూ ఉంటుంది కాబట్టి 21 రాత్రికే బండి లోపలికి చేరేలా పెట్టుకోవాలి. అంటే 21 మధ్యాహ్నానికి భీమవరంలో బయల్దేరాలి. 1,900 కార్టన్లు ఎక్కించడానికి సుమారు మూడు గంటలు, సీలు, కాగితాలకి మరో గంట. కాబట్టి స్టఫింగ్ 21 ఉదయం మొదలవ్వాలి. ఆ ఉదయానికి ఖాళీ మీ దగ్గరుండాలంటే 20 ఉదయమే డిపోలో ఎత్తాలి. రీఫర్‌ని పీటీఐ చేయకుండా ఇవ్వరు, ఆ పరీక్ష పూర్తయి ఉండాలంటే డిపోకి ఒక రోజు ముందే కబురు వెళ్లాలి.

ఈ లెక్కన మీరు రాయాల్సిన తేదీ 20 సాయంత్రం. 22 అని రాస్తే ఫార్వర్డర్ ఖాళీని 21న ఎత్తి 22 ఉదయానికి మీ దగ్గర పెడతాడు. నిండిన బండి 22 మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి గేటు చేరుతుంది, అప్పటికి మూసేసి ఉంటారు. మీ ఆఖరు తేదీ 25. తర్వాతి ఓడ వారానికి ఉంటే ఎల్‌సీ సవరణ లేకుండా ఎక్కించలేరు.

మరీ ముందు తేదీ రాసినా చిక్కే. గేటు 18న గానీ తెరవరు. ఖాళీని తొందరపడి ఎత్తితే డిటెన్షన్ లెక్క మొదలవుతుంది. నిండిన రీఫర్ పోర్టులో ప్లగ్ మీద ఉన్నన్నాళ్లూ, ఉచిత రోజులు అయిపోయాక కరెంటు ఛార్జీలు పడుతూనే ఉంటాయి.

---

శ్రీను_కాకినాడ | 13వ తేదీ, మధ్యాహ్నం 1:38

వీజీఎం సంగతి ఒప్పుకుంటున్నాను శేషు గారూ. కానీ ఎస్ఐ కటాఫ్ 20 మధ్యాహ్నం, స్టఫింగ్ 21 ఉదయం అంటున్నారు. సరుకు ఎక్కకుండా కార్టన్ల సంఖ్య, సీల్ నంబరు ఎలా ఇస్తారు?

---

శేషు_విశాఖ | 13వ తేదీ, మధ్యాహ్నం 2:02

మంచి ప్రశ్న శ్రీను గారూ. దీనికోసమే ఇన్‌స్ట్రక్షన్‌ని రెండుగా పంపాలి. సిద్ధమయ్యే తేదీ, ఫ్యాక్టరీ చిరునామా, ఉష్ణోగ్రత, జెన్‌సెట్ ఉన్న మొదటిది ఈ రోజే వెళ్లాలి. దాన్ని చూసే డిపో, ట్రైలర్, టెర్మినల్ కదులుతాయి. కన్సైనీ, నోటిఫై, సరుకు వివరణ, బరువులు ఉన్న రెండోది బీఎల్ కోసం, అది 20 మధ్యాహ్నం లోపు. కంటైనర్ నంబరు, లైన్ సీల్ నంబరు 20 ఉదయం ఖాళీ ఎత్తినప్పుడే చేతికొస్తాయి. కార్టన్ల సంఖ్య ప్యాకింగ్ లిస్టు ప్రకారం ఇస్తారు. స్టఫింగ్‌లో తగ్గితే ఆ సాయంత్రమే డ్రాఫ్ట్ బీఎల్‌లో సరిచేయించుకోవాలి. బీఎల్ విడుదలయ్యాక దిద్దుబాటుకి ఫీజు కట్టాలి, రోజులూ పోతాయి.

---

లక్ష్మి_భీమవరం | 13వ తేదీ, మధ్యాహ్నం 2:30

ఒక ఇబ్బంది ఉంది. 1,900లో 1,400 కార్టన్లు కోల్డ్ స్టోర్‌లో సిద్ధంగా ఉన్నాయి. మిగతా 500 ప్యాకింగ్ 20 మధ్యాహ్నానికి అయిపోతుందని ప్రొడక్షన్ వాళ్లు చెబుతున్నారు. ల్యాబ్ రిపోర్టు 18న వస్తుంది. 20 సాయంత్రం అని రాసేయొచ్చా?

---

రఫీ_కోల్డ్‌స్టోర్ | 13వ తేదీ, మధ్యాహ్నం 3:15

లక్ష్మి గారూ, ప్యాకింగ్ అయిపోవడం వేరు, లోడింగ్‌కి సిద్ధం కావడం వేరు. ఐక్యూఎఫ్ ఫ్రీజర్ నుంచి మైనస్ 18 కంటే చల్లగా వచ్చిన రొయ్య కూడా గ్లేజింగ్ నీళ్లలో పడగానే వేడెక్కుతుంది. ప్యాక్ చేసే హాల్లో ఇంకాస్త. అక్కడి నుంచి కార్టన్‌లోకి వెళ్లాక కోల్డ్ స్టోర్‌లో కనీసం ఒక రాత్రి ఉండాలి, అదీ చుట్టూ గాలి ఆడేలా పేర్చి ఉంచితేనే. గట్టిగా దొంతర పెట్టేస్తే మధ్య కార్టన్లకి రాత్రి కూడా చాలదు. 21 ఉదయం దొంతర మధ్యలోంచి రెండు మూడు కార్టన్లు తీసి, రొయ్య లోపల ప్రోబ్ గుచ్చి చూడండి. మైనస్ 18కి రాని కార్టన్‌ని ఎక్కించొద్దు. రీఫర్ సరుకుని గడ్డకట్టించదు, మీరిచ్చిన చల్లదనాన్ని నిలబెడుతుందంతే. మైనస్ 12లో ఎక్కిస్తే అది మైనస్ 18కి దిగడానికి ఎన్నో రోజులు పడుతుంది, లాగర్‌లో ఆ గీత మొత్తం కనిపిస్తుంది.

కాబట్టి ఆ 500 కార్టన్లు 20 మధ్యాహ్నానికి కోల్డ్ స్టోర్‌లోకి చేరితే 21 ఉదయం వీలవుతుంది. 20 రాత్రికి జరిగితే మాత్రం వీలుకాదు.

ఇక ముందే చల్లబరచమన్న శ్రీను గారి సలహా. మీ లోడింగ్ డాక్‌కి కంటైనర్ తలుపు చుట్టూ బిగుసుకునే షెల్టర్ ఉండి, లోపల చల్లటి యాంటీరూమ్ ఉంటే ఆయన చెప్పింది సరైనదే. అది లేకుండా బయటి గాలికి తలుపు తెరిస్తే, కోస్తా తేమగాలి మైనస్ 18 పెట్టెలోకి దూసుకెళ్తుంది. కాయిల్ మీద, గోడల మీద మంచు పడుతుంది. ఆ మంచుతో గాలి తిరగడం తగ్గి, డీఫ్రాస్ట్ మీద డీఫ్రాస్ట్ నడుస్తుంది. మామూలు డాక్ అయితే ప్రీకూల్ వద్దు అని రాయండి. లోడింగ్ జరుగుతున్నంతసేపు యూనిట్ ఆపి ఉంచి, తలుపు మూసిన వెంటనే ఆన్ చేయాలి.

---

రాధిక_ఎక్స్‌పోర్ట్స్ | 13వ తేదీ, మధ్యాహ్నం 3:50

షిప్పింగ్ బిల్లులో కన్సైనీ కొనుగోలుదారు పేరే ఉండాలి కదండీ? మా సీహెచ్‌ఏ ఎప్పుడూ అలాగే ఫైల్ చేస్తారు. బ్యాంకు పేరు పెడితే రోడ్‌టెప్ ఎగుమతి రాయితీ రాకుండా పోదా?

---

శేషు_విశాఖ | 13వ తేదీ, సాయంత్రం 4:10

రాధిక గారూ, ఇక్కడ మాట్లాడుతున్నది కస్టమ్స్‌లో ఫైల్ చేసే షిప్పింగ్ బిల్లు గురించి కాదు, బీఎల్ తయారవడానికి ఫార్వర్డర్‌కి ఇచ్చే ఇన్‌స్ట్రక్షన్ గురించి. షిప్పింగ్ బిల్లులో కొనుగోలుదారు పేరు అలాగే ఉంచండి. హెల్త్ సర్టిఫికెట్‌లోనూ సరుకు అందుకునే కంపెనీ పేరే ఉంటుంది. బీఎల్‌లో మాత్రమే ఎల్‌సీ ఏం చెబితే అది.

---

పద్మజ_ట్రేడ్‌ఫైనాన్స్ | 13వ తేదీ, సాయంత్రం 5:20

ఎల్‌సీ కాగితాలు చూసే వైపు నుంచి మూడు మాటలు చెబుతాను.

మొదటిది కన్సైనీ. "టు ఆర్డర్" అని మాత్రమే ఉంటే ఆ బీఎల్‌ని షిప్పర్ వెనక సంతకం పెట్టి బదిలీ చేస్తారు. "టు ఆర్డర్ ఆఫ్" ఫలానా బ్యాంకు అంటే ఆ హక్కు బ్యాంకుది. ఒకదాని బదులు ఇంకొకటి పడితే డిస్క్రిపెన్సీ. మీరు రాసుకున్నట్టు నేరుగా కొనుగోలుదారు పేరు పడితే ఇంకా పెద్ద చిక్కు, అది బదిలీ చేయగల బీఎల్ కాకుండా పోతుంది. బ్యాంకుకి సరుకు మీద పట్టు ఉండదు, కాబట్టి కాగితాలు తిప్పి పంపుతారు.

రెండోది నోటిఫై. కన్సైనీ బ్యాంకు అయినప్పుడు సేమ్ యాజ్ కన్సైనీ అంటే ఓడ వచ్చిందన్న కబురు బ్యాంకుకి వెళ్తుంది, సరుకు విడిపించుకోవాల్సిన మనిషికి వెళ్లదు. చిరునామా విషయంలో ఎల్‌సీల అంతర్జాతీయ నియమాలైన యూసీపీ 600లో 14(j) గుర్తుంచుకోవాలి. మామూలుగా ఇన్‌వాయిస్ లాంటి కాగితాల్లో కొనుగోలుదారు చిరునామా ఎల్‌సీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండక్కర్లేదు, దేశం ఒకటైతే చాలు. ఫోను, ఈమెయిల్ పట్టించుకోరు. కానీ అప్లికెంట్ చిరునామా, ఫోను, ఈమెయిల్ బీఎల్‌లో కన్సైనీ లేదా నోటిఫై వివరాల్లో భాగంగా వస్తే అవి ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలి. అందుకని ఈ పెట్టెని మీరు టైపు చేయకండి, ఎల్‌సీ నుంచి కాపీ చేసి అతికించండి. ఎల్‌సీలోనే చిరునామా తప్పుందనిపిస్తే కొనుగోలుదారుతో సవరణ చేయించండి, బీఎల్‌లో మీరు సరిదిద్దకండి.

మూడోది మీ 500 కార్టన్ల సంగతి. ఎల్‌సీలో పరిమాణం కిలోల్లో ఉందా, కార్టన్లలో ఉందా? కిలోల్లో ఉంటే యూసీపీ 30(b) ప్రకారం 5 శాతం వరకు తగ్గినా ఒప్పుకుంటారు. 1,900 కార్టన్ల మీద అది 95 కార్టన్లు. పరిమాణాన్ని ఇన్ని కార్టన్లు అని రాసి ఉంటే ఆ వెసులుబాటు లేదు. తేడా శాతం చెప్పే 39A, విడతలుగా పంపొచ్చా అన్నది చెప్పే 43P కూడా చూసుకోండి.

---

లక్ష్మి_భీమవరం | 13వ తేదీ, సాయంత్రం 6:02

కిలోల్లోనే ఉంది పద్మజ గారూ, గ్లేజ్ లేకుండా నెట్ 15,200 కిలోలు. అంటే 500లో 95 వరకు వెనకపడ్డా బీఎల్‌ని 1,805తో తీసుకోవచ్చన్నమాట. ఇది మా ప్రొడక్షన్ వాళ్లకి ఈ సాయంత్రమే చెబుతాను.

---

పద్మజ_ట్రేడ్‌ఫైనాన్స్ | 13వ తేదీ, సాయంత్రం 6:15

అవును, 14,440 కిలోల కంటే తగ్గకూడదు. ఇన్‌వాయిస్ కూడా ఎక్కిన సరుకు విలువకే వేయాలి.

---

వాసు_మిర్చి_గుంటూరు | 13వ తేదీ, రాత్రి 8:44

మాది గుంటూరు నుంచి ఎండుమిర్చి, కొలంబోకి మామూలు 40 అడుగుల డ్రై కంటైనర్‌లో. ప్రత్యేక జాగ్రత్తల్లో మేమూ ఉష్ణోగ్రత రాయాలా? పోయినసారి తలుపు వైపు బస్తాలు తడిశాయని ఫిర్యాదు వచ్చింది.

---

శేషు_విశాఖ | 13వ తేదీ, రాత్రి 9:20

వాసు గారూ, డ్రై కంటైనర్‌లో ఉష్ణోగ్రత రాసినా ఎవరూ ఏమీ చేయలేరు. మీరు రాయాల్సింది పెట్టె ఎలాంటిది కావాలన్నది: ఫుడ్ గ్రేడ్, నేల పొడిగా ఉండాలి, వాసన ఉండకూడదు, తలుపు మూస్తే లోపలికి ఎక్కడా వెలుతురు కనబడకూడదు. లోపల క్రాఫ్ట్ పేపర్, డెసికెంట్ సంచులు మీరే కట్టుకోవాలి. తలుపు దగ్గర తడిసిందంటే రబ్బరు గాస్కెట్‌లోంచి వాన నీరైనా వచ్చుండాలి, పైకప్పు నుంచి చెమటైనా కారుండాలి. పై వరస బస్తాలు కూడా తడిస్తే చెమటే అనుకోవచ్చు. మిర్చి తేమ ఎంతుండగా ఎక్కించారన్నది ముందు చూడాలి. మీ విషయానికి వేరే థ్రెడ్ పెడితే మిర్చి వాళ్లు ఇంకా బాగా చెబుతారు.

---

హరి_నెదర్లాండ్స్ | 13వ తేదీ, రాత్రి 11:35

రాటర్‌డామ్‌లో దిగుమతి కాగితాల పని చేస్తాను. ఇక్కడి నుంచి చూస్తే మూడు విషయాలు.

నోటిఫైలో కొనుగోలుదారుతో పాటు ఇక్కడి కస్టమ్స్ ఏజెంట్‌ని రెండో నోటిఫైగా పెట్టమని అడగండి. రొయ్య కాబట్టి బోర్డర్ కంట్రోల్ పోస్టులో వెటర్నరీ తనిఖీ ఉంటుంది. సరుకు రావడానికి కనీసం ఒక పనిరోజు ముందే ఈయూ ఆన్‌లైన్ వ్యవస్థ ట్రేసెస్‌లో ముందస్తు నోటిఫికేషన్ పడాలి. కబురు ఏజెంట్‌కి నేరుగా వస్తే ఆ పని ఆగదు. లేకపోతే రీఫర్ ప్లగ్ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది.

రెండు, ఐసీఎస్2. ఈయూకి వచ్చే ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే ఎంట్రీ డిక్లరేషన్ వెళ్లాలి. అందులో కనీసం ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్, సరైన సరుకు వివరణ, ఇక్కడి కంపెనీ ఈఓఆర్‌ఐ నంబరు అడుగుతారు. ఆర్డర్ బీఎల్ అయితే నోటిఫై వివరాలు తప్పనిసరి. "ఫ్రోజెన్ ఫుడ్" అని రాస్తే సరిపోదు, "ఫ్రోజెన్ వనామీ ష్రింప్" అని ఉండాలి. ఫార్వర్డర్ హౌస్ బీఎల్ ఇస్తుంటే ఈ వివరాలు హౌస్ బీఎల్ స్థాయిలో కావాలి. మాస్టర్ బీఎల్‌లో ఫార్వర్డర్, ఆయన ఏజెంటు పేర్లే ఉంటాయి కాబట్టి అసలు అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఎవరో అక్కడ కనిపించదు.

మూడు, సీల్ నంబరు. హెల్త్ సర్టిఫికెట్‌లో కంటైనర్ నంబరుతో పాటు సీల్ నంబరు ఉంటుంది. ఇక్కడ కంటైనర్ దిగాక మొదట సరిపోల్చేది దాన్నే. బీఎల్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఇంకొకటి ఉంటే పెట్టె ఆగుతుంది. సరుకు అక్కడ బయల్దేరాక సర్టిఫికెట్ మార్పించడం చాలా కష్టం.

---

శ్రీను_కాకినాడ | 14వ తేదీ, ఉదయం 7:50

హరి గారూ, మన ఫ్యాక్టరీ స్టఫింగ్‌లో రెండు సీళ్లుంటాయి. లైన్ ఇచ్చే బోల్ట్ సీల్ ఒకటి, మనం కొనే ఆర్‌ఎఫ్‌ఐడీ ఈ-సీల్ ఒకటి. 2017 నుంచి కస్టమ్స్ సెల్ఫ్ సీలింగ్‌కి ఈ-సీల్ అడుగుతోంది. హెల్త్ సర్టిఫికెట్‌లో ఏది రాయాలి? మాకు తెలిసినంతలో లైన్ సీల్ ఒక్కటే రాస్తే చాలు.

---

హరి_నెదర్లాండ్స్ | 14వ తేదీ, మధ్యాహ్నం 12:25

రెండూ రాసినవీ వస్తాయి, లైన్ సీల్ ఒక్కటే రాసినవీ వస్తాయి. నా అభిప్రాయం రెండూ రాయాలనే, రెండు కాగితాల్లోనూ ఒకే వరసలో. దారిలో ఒకటి తీసినా రెండోది సరిపోలుతుంది.

---

శేషు_విశాఖ | 14వ తేదీ, మధ్యాహ్నం 1:00

ఇక్కడ నాకు వేరే అభిప్రాయం ఉంది హరి గారూ. రెండూ రాశాక పోర్టులో కస్టమ్స్ వాళ్లు పరీక్షకి పెట్టె తెరిస్తే ఈ-సీల్ పోయి కొత్త సీల్ పడుతుంది. అప్పుడు సర్టిఫికెట్‌లో ఉన్న ఒక నంబరు కంటైనర్ మీద ఉండదు. లైన్ సీల్ ఒక్కటే ఉంటే మార్చాల్సినవి తగ్గుతాయి. అయితే పరీక్షకి తెరిస్తే లైన్ సీల్ కూడా తెగుతుంది కాబట్టి నా మాట కూడా పూర్తిగా నిలబడదు. ఏది రాసినా, సీల్ మారిందని తెలిసిన క్షణం ఫార్వర్డర్ ఫోన్ చేయాలని ఇన్‌స్ట్రక్షన్‌లో ఒక వాక్యం ఉండాలి. ఓడ కదలకముందైతే హెల్త్ సర్టిఫికెట్ ఇచ్చే ఈఐఏలో దాన్ని మార్పించుకోవడానికి వీలుంటుంది.

లక్ష్మి గారూ, ఇక ఉష్ణోగ్రత. "మైనస్ 18 లేదా అంతకంటే తక్కువ" అన్నది కొనుగోలుదారుతో ఒప్పందానికి బాగుంటుంది, బుకింగ్‌కి పనికిరాదు. బుకింగ్ సిస్టంలో ఒక అంకెకే చోటు. ఆ అంకె మీరివ్వకపోతే అవతల టైపు చేసేవాళ్లే ఎంచుకుంటారు. ఈయూ నిబంధన ప్రకారం సరుకంతా మైనస్ 18 లేదా తక్కువలో ఉండాలి, రవాణాలో కాసేపు 3 డిగ్రీల వరకు పెరిగినా ఒప్పుకుంటారు. సెట్ పాయింట్ సరిగ్గా మైనస్ 18 పెడితే డీఫ్రాస్ట్ జరిగిన ప్రతిసారీ అంచు దాటుతుంది. చాలామంది మైనస్ 20 పెట్టేది అందుకే. మైనస్ గుర్తు ఒక్కోసారి టైపులో జారిపోతుంది కాబట్టి అంకెతో పాటు అక్షరాల్లో కూడా రాయండి, సెల్సియస్ అని కూడా రాయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పోర్టులో రీఫర్‌ని ప్లగ్ పెట్టేవాళ్లు మీ బీఎల్ ఇన్‌స్ట్రక్షన్ చూడరు. వాళ్లకి కనబడేది బుకింగ్‌లోని సెట్ పాయింట్. అందుకే రెండు ఇన్‌స్ట్రక్షన్లలో మొదటిదానిలోనే ఉష్ణోగ్రత ఉండాలన్నాను. లైన్ నుంచి సవరించిన బుకింగ్ కన్ఫర్మేషన్ రాగానే ఆ వరస చూసుకోండి. 20 ఉదయం ఖాళీ ఎత్తినప్పుడు కంటైనర్ మీద కంట్రోలర్ ఏ అంకె చూపిస్తోందో డ్రైవర్‌తో ఫోటో తీయించి తెప్పించుకోండి.

---

లక్ష్మి_భీమవరం | 14వ తేదీ, మధ్యాహ్నం 2:15

మాది మామూలు డాకే రఫీ గారూ, షెల్టర్ లేదు. అందరూ చెప్పినవి కలిపి మొదటి ఇన్‌స్ట్రక్షన్‌లో ప్రత్యేక జాగ్రత్తలు ఇలా రాశాను:

```
CARGO READY: 20th, 18:00 HRS, AT FACTORY
EMPTY AT FACTORY: 21st, 06:00 HRS
SET POINT: -20 C (MINUS TWENTY CELSIUS)
VENT: CLOSED   HUMIDITY: OFF
DO NOT PRE-COOL EMPTY
GENSET: FACTORY TO PORT
SEAL CHANGED AT PORT: PHONE SHIPPER SAME HOUR
```

బీఎల్ ఇన్‌స్ట్రక్షన్‌లో ఇది:

```
CONSIGNEE: TO ORDER OF <BANK, AS IN 46A>
NOTIFY 1: <APPLICANT, AS IN LC>
NOTIFY 2: <CUSTOMS AGENT, ROTTERDAM>
```

రెండో నోటిఫై కలిపితే ఎల్‌సీకి తేడా వస్తుందా పద్మజ గారూ?

---

పద్మజ_ట్రేడ్‌ఫైనాన్స్ | 14వ తేదీ, మధ్యాహ్నం 3:05

రాదు. ఎల్‌సీ అడిగిన నోటిఫై అలాగే ఉండి, అదనంగా ఇంకొకరు ఉంటే తప్పు పట్టరు, ఐఎస్‌బీపీ 745లో అది స్పష్టంగా ఉంది. 47Aలో ఏదైనా నిషేధం ఉందేమో మాత్రం చూడండి. ఫార్వర్డర్ బీఎల్ ఒప్పుకోము అన్న వాక్యం కూడా అక్కడే దాగి ఉంటుంది. అది ఉంటే హౌస్ బీఎల్ కుదరదు, లైన్ బీఎల్ మీ పేరు మీదే తీసుకోవాలి. బీఎల్ చేతికొచ్చాక 48లో ఉన్న గడువులోపు కాగితాలు బ్యాంకుకి రావాలి. గడువు ఏమీ రాయకపోతే షిప్‌మెంట్ తేదీ నుంచి 21 రోజులు, ఎల్‌సీ గడువు దాటకుండా.

---

రఫీ_కోల్డ్‌స్టోర్ | 14వ తేదీ, మధ్యాహ్నం 3:40

బాగుంది లక్ష్మి గారూ. డేటా లాగర్ పెడుతుంటే దాని సీరియల్ నంబరు కూడా రాయండి, తలుపు దగ్గరున్న ఆఖరి వరస కార్టన్ మీద పెట్టండి. లోడింగ్ వాళ్లకి రెండు మాటలు చెప్పండి: కంటైనర్ లోపల గోడ మీదున్న ఎర్ర గీత దాటి పేర్చొద్దు, నేల ఎక్కడా ఖాళీ వదలొద్దు. 1,900 కాక 1,805 ఎక్కితే తలుపు వైపు ఖాళీ మిగులుతుంది. అక్కడ నేలలోంచి వచ్చే చల్లగాలి సరుకు కిందికి వెళ్లకుండా అడ్డదారిలో పైకి లేచి వెనక్కి వెళ్లిపోతుంది. ఆ ఖాళీ నేల మీద మందపాటి అట్ట పరిచి, ఆఖరి వరస కార్టన్ల వైపు పైకి మడవండి.

---

లక్ష్మి_భీమవరం | 14వ తేదీ, సాయంత్రం 4:30

47A చూశాను, ఫార్వర్డర్ బీఎల్ మీద నిషేధం లేదు. మొదటి ఇన్‌స్ట్రక్షన్ పంపేశాను. హెల్త్ సర్టిఫికెట్ దరఖాస్తులో రెండు సీళ్లూ రాయాలా, ఒకటేనా అన్నది రేపు ఈఐఏ ఆఫీసులో అడిగి ఇక్కడ రాస్తాను.